ఆరు లక్షల నాలుగు వేలు

గోపాలపట్నంలో మేం అద్దెకుండే సందు మొదట్లో ఒక టిఫిను కొట్టు ఉండేది. స్టీలు ప్లాంటులో పొద్దుటి షిఫ్టు పడినప్పుడల్లా మా ఆయన అక్కడే నాలుగు ఇడ్లీలు, బొంబాయి చట్నీ తిని బస్సెక్కేవాడు. నేను మధురవాడలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. నాకు అక్కడ కూర్చుని తినే తీరిక ఉండదు, పొట్లం కట్టించుకుని వెళ్లిపోయేదాన్ని. కొట్టు నడిపే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది. పెనం ముందు నిలబడి ఎంతమంది వచ్చినా కంగారు పడేది కాదు. మేం గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్లం కాబట్టి నాకు అలవాటైన పద్ధతిలో ఆవిణ్ణి "పిన్నిగారూ" అనేదాన్ని. ఆవిడకు ఆ "గారు" కొత్తగా ఉండేది, నవ్వేది.

ఇల్లు కొనాలని మేం వెతుకుతున్నామని మా ఆయన ఒక రోజు మాటల్లో అన్నాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి, "నాది కంచరపాలెంలో ఉన్నాది బాబూ, సూత్తారేటి?" అంది. రెండు గదులు, స్లాబు, వెనక చిన్న పెరడు. కొట్టు ఉన్న గదిని దాని యజమాని అమ్మేస్తానంటున్నాడట. వేరేవాళ్లు కొంటే ఆవిడ పెనం ఎత్తేయాల్సిందే. అందుకని ఇల్లమ్మి కొట్టు కొనుక్కుని, దాని మీదున్న గదిలో ఉండిపోదామని ఆవిడ ఆలోచన. మేం వెళ్లి చూశాం. మాకు నచ్చింది. బేరం కూడా పెద్దగా సాగలేదు. ఆవిడ ఒక ధర చెప్పింది, మా ఆయన కొంచెం తగ్గించమన్నాడు, ఆవిడ కొంచెమే తగ్గించింది.

డబ్బు రెండు ముక్కలుగా ఇవ్వాలి. పెద్ద ముక్క బ్యాంకు లోను. ఆ మొత్తానికి డిమాండ్ డ్రాఫ్టు (డీడీ) రిజిస్ట్రేషన్ రోజున బ్యాంకువాళ్లే తెస్తామన్నారు. మిగిలినది మా వంతు, ఆరు లక్షల నలభై వేలు. అది నా జీతం పడే ఖాతా నుంచి డీడీ తీసి ఇవ్వాలి. అగ్రిమెంటు రాసుకునే రోజున ఆవిడ ఒక్క మాటే గట్టిగా చెప్పింది.

"నా పేరు ముందుముక్క ఒగ్గీకండి. పాసుబుక్కులో ఎలగున్నాదో అలగే రాయించండి."

ఈ ప్రాంతంలో చాలామందికి ఉన్నట్టే ఆవిడ పేరుకు ముందు ఇలవేల్పు పేరు ఉంది. పిలిచేవాళ్లెవరూ ఆ ముక్క పలకరు. కానీ పాసుబుక్కులోనూ ఆధార్‌లోనూ ఇంటి కాగితాల్లోనూ ఉంది. నేను ఆవిడ పాసుబుక్కు మొదటి పేజీ ఫోటో తీసి ఫోనులో పెట్టుకున్నాను.

రిజిస్ట్రేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లాను. ఆ రోజు అక్కడ ప్రింటరు పాడై ఉంది. కౌంటరులో ఉన్న అమ్మాయి డీడీ కాగితం తీసుకుని నేను నింపిచ్చిన స్లిప్పు చూస్తూ చేత్తోనే రాసింది. ఇద్దరు ఆఫీసర్లు సంతకాలు చేశారు. నేను పక్కకు వచ్చి ఫోనులో ఫోటో పెట్టుకుని, డీడీ మీద పేరుతో ఒక్కో అక్షరం కలిపి చూశాను. ముందుముక్క ఉంది, ఇంటిపేరు ఉంది, స్పెల్లింగు సరిగ్గా ఉంది. తేదీ ఆ రోజుదే. అంకెలు సరిగ్గా ఉన్నాయి. మధ్యలో మొత్తాన్ని అక్షరాల్లో రాసిన వరుస మీదుగా నా కళ్లు వెళ్లాయి గానీ ఆగలేదు. నా భయమంతా పేరు గురించే. డీడీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫైల్లో సర్దుకున్నాను. సాయంత్రం డీడీ నంబరూ తేదీ డాక్యుమెంటు రైటరుకు ఫోనులో పంపితే ఆయన దస్తావేజులో టైపు చేయించాడు.

మర్నాడు అందరం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఉన్న డాక్యుమెంటు రైటరు గదిలో కలిశాం. మేమిద్దరం, పిన్నిగారు, ఆవిడ తమ్ముడు. తమ్ముడిది సొంత ఆటో, అక్కను అతనే తీసుకొచ్చాడు. లోను బ్యాంకు నుంచి వచ్చిన ఆఫీసరు ఒక మూల కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. గది చిన్నది. ఫ్యాను తిరుగుతున్నా చెమటలు పడుతున్నాయి. ముందు ఈ గదిలో సంతకాలు పూర్తవ్వాలి, ఆ తర్వాత మాకు ఇచ్చిన టైముకు ఆఫీసులోకి వెళ్లి వేలిముద్రలు, ఫోటోలు ఇవ్వాలి.

డాక్యుమెంటు రైటరు దస్తావేజు ఆవిడ ముందు పెట్టి, ఇంకు ప్యాడు మూత తీశాడు. "అమ్మా, ప్రతి పేజీలో ఇక్కడ సంతకం, వెనక వేలిముద్ర" అన్నాడు.

ఆవిడ పెన్ను పట్టుకోలేదు.

"డీడీలేవి? సూపించండి ముందు."

లోను ఆఫీసరు తన డీడీ ఇచ్చాడు. నేను ఫైల్లోంచి మాది తీసి ఇచ్చాను. ఆవిడ రెండింటినీ ఒళ్లో పెట్టుకుని చూసింది. తెలుగు బాగా చదువుతుంది, రోజూ పేపరు చూస్తుంది. ఇంగ్లీషు రాదు. తమ్ముడి వైపు చూస్తే అతను, "నాకూ అంతే కదా అక్కా" అన్నాడు. అప్పుడు ఆవిడ రెండు డీడీలూ నాకే అందించింది.

"నువ్వు సదువమ్మా. గట్టిగా సదువు. అన్నీ సదువు."

డాక్యుమెంటు రైటరు నవ్వాడు. "కొనేవాళ్ల చేత చదివిస్తారేంటమ్మా? కావాలంటే నేను చదువుతాను."

"పర్లేదు బాబూ. ఆ పిల్ల సదువుతాది" అంది ఆవిడ.

ముందు లోను డీడీ చదివాను. అది మెషీన్ ప్రింటు. పేరు చదివి తెలుగులో చెప్పాను. తేదీ చెప్పి, ఆ రోజు నుంచి మూడు నెలలు చెల్లుతుందని చెప్పాను. అక్షరాల్లో ఉన్న మొత్తం చదివాను, అంకెల్లో చదివాను. రెండూ ఒకటే. ఆవిడ తల ఊపింది.

తర్వాత మాది. పేరు, ముందుముక్కతో సహా. తేదీ, నిన్నటిది. ఆ తర్వాత అక్షరాల వరుస చదవడం మొదలుపెట్టాను. "సిక్స్ లాక్... ఫోర్..." అక్కడ ఆగాను.

ఫార్టీ అని ఉండాల్సిన చోట ఫోర్ అని ఉంది. సిక్స్ లాక్ ఫోర్ థౌజండ్ ఓన్లీ. పక్కనే గడిలో అంకెలు చూశాను. ఆరు, నలభై, మూడు సున్నాలు. అంకెలు సరైనవే. మళ్లీ అక్షరాలు చూశాను. చక్కటి చేతిరాత, ఎక్కడా కొట్టివేత లేదు, చెరిపిన గుర్తు లేదు.

ఆ గదిలో ఆ కాగితం నాకొక్కదానికే కనిపిస్తోంది. మా ఆయన టైము చూసుకుంటున్నాడు. నేను "ఆరు లక్షల నలభై వేలు" అని చదివేస్తే ఆవిడ పెన్ను అందుకునేది. ఆ ఆలోచన వచ్చిందా అంటే వచ్చింది. కానీ అది నిలబడే తావు లేకుండా ఆవిడ నా మొహం వైపే చూస్తోంది.

"ఏటమ్మా, ఆగిపోనావ్?"

"పిన్నిగారూ, ఇందులో తప్పుంది" అన్నాను. "అంకెల్లో ఆరు లక్షల నలభై వేలుంది. అక్షరాల్లో ఆరు లక్షల నాలుగు వేలని రాశారు."

మా ఆయన లేచి వచ్చి నా భుజం మీదుగా చూశాడు. "అయ్యో" అన్నాడు. తమ్ముడు వేళ్ల మీద లెక్క వేసుకుని, "ముప్పై ఆరు వేలు తేడా ఒత్తాది బావా" అన్నాడు మా ఆయనతో.

డాక్యుమెంటు రైటరు డీడీ తీసుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. "అంకెలు సరిగ్గానే ఉన్నాయి కదమ్మా. బ్యాంకు వాళ్ల పుస్తకాల్లో ఆరు నలభయ్యే ఉంటుంది. సంతకాలు కానిచ్చేయండి. రేపు వీళ్లు బ్యాంకుకు వెళ్లి సరిచేయించి ఇస్తారు. టైము పోతే ఇవాళ మళ్లీ దొరుకుతుందో లేదో."

లోను ఆఫీసరు ఫోను జేబులో పెట్టుకుని ఒక మాట చెప్పాడు. "రెండూ తేడాగా ఉంటే అక్షరాల్లో ఉన్నదే లెక్కలోకి వస్తుందండి. ఇంకా ఏంటంటే, ఇలాంటిది వేస్తే బ్యాంకులు తీసుకోకుండా వెనక్కి పంపేస్తాయి."

అందరూ పిన్నిగారి వైపు చూశారు. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు, నన్నే అడిగింది.

"నా సోట్లో నువ్వుంటే ఏటి సేత్తావ్?"

మా ఆయన నా చెయ్యి నొక్కాడు. ఆపమని కాదు, నిదానంగా చెప్పమని అనుకుంటాను. అతను ఆ రోజు కోసం తోటివాడితో షిఫ్టు మార్చుకుని వచ్చాడు. స్టాంపు డ్యూటీ కట్టేశాం. ఇద్దరు సాక్షుల్ని పిలిపించుకుని టీ కొట్టు దగ్గర నిలబెట్టాం. ఇవన్నీ నాకు తెలుసు.

"నేనైతే పెట్టనండి" అన్నాను. "సరైన డీడీ చేతికొచ్చాకే పెడతాను."

ఆవిడ ఇంకు ప్యాడు మూత తనే పెట్టేసింది. "అయితే ఎల్దారి రా. బ్యాంకు ఎంతదూరం?"

కోపం లేదు, విసుగు లేదు. కూర మాడితే ఇంకో గిన్నె పెట్టినంత మామూలుగా లేచింది. డీడీ తీసింది నా ఖాతా నుంచి కాబట్టి నేను వెళ్లక తప్పదు. ఆవిడ రావాల్సిన అవసరం లేదు. "మీరు కూర్చోండి, నేను తెస్తాను" అంటే వినలేదు. మా ఆయన, లోను ఆఫీసరు, సాక్షులు అక్కడే ఉండిపోయారు. మేమిద్దరం తమ్ముడి ఆటో ఎక్కాం.

హైవే మీద లారీల వెనక ఇరుక్కుని ఆటో మెల్లగా కదులుతుంటే తమ్ముడు దారంతా గొణుగుతూనే ఉన్నాడు. "నిన్ననే సూసుకుంటే అయిపోను కదక్కా" అని మధ్యలో నాకు తగిలేలా అన్నాడు. పిన్నిగారు వెనక నుంచి, "నువ్వు రోడ్డు సూడరా" అంది.

బ్యాంకులో నిన్నటి అమ్మాయి నన్ను చూడగానే నవ్వి, చేతిలో డీడీ చూశాక నవ్వు ఆపేసింది. తను రాసింది తనే చదువుకుని తల పట్టుకుంది. "సారీ మేడం, స్లిప్పులో ఫార్టీ అనే ఉంది. నేనే..." అంటూ లేచి మమ్మల్ని లోపలున్న ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్లింది. నిన్న సంతకం పెట్టిన ఇద్దరిలో ఆయన ఒకరు. ఆయన కూడా కాగితం రెండుసార్లు చూశాడు.

"దిద్ది పక్కన సంతకం పెట్టి ఇచ్చేస్తారా?" అని అడిగాను.

"ఇప్పుడు దిద్దితే కుదరదమ్మా. ఇవన్నీ స్కాన్ చేసి బొమ్మ మీదే పాస్ చేస్తారు. దిద్దుబాటు కనపడితే అక్కడే ఆగిపోతుంది. దీన్ని క్యాన్సిల్ చేసి, డబ్బు మీ ఖాతాలో వేసి, కొత్తది ఇస్తాం. మా పొరపాటే కాబట్టి చార్జీలు పట్టం." ఆ తర్వాత పిన్నిగారి వైపు చూసి, "ఇది ఎక్కడా ఖాతాలో వేయలేదు కదా?" అన్నాడు.

"నేదు బాబూ, ఇంకా నా సేతికే రాలేదు" అంది ఆవిడ.

నేను క్యాన్సిల్ చేయమని ఒక కాగితం రాసిచ్చాను, పాత డీడీ అప్పగించాను. కొత్త స్లిప్పు నింపాను. ప్రింటరు ఉదయమే బాగుచేశారట. అయినా వరసలో జనం ఉన్నారు, మధ్యలో భోజనాల టైము వచ్చింది. మేం గోడవార బెంచీ మీద కూర్చున్నాం.

అప్పుడు అడిగాను. "పేరు ముందుముక్క గురించి అంత గట్టిగా చెప్పారేం పిన్నిగారూ?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మా ఆయన పోయినప్పుడు ఆరి కంట్రాక్టరు ఆఫీసోలు ఒక డీడీ ఇచ్చినారమ్మా. నాకేటి తెలుస్తాది, దేవుడి పటం ఎనకాల పెట్టీసినాను. కర్మలన్నీ అయినాక బ్యాంకుకి ఎల్తే, పేరులో ముందుముక్క నేదు, మా ఖాతాలో వెయ్యం అన్నారు. ఆఫీసోల దగ్గరికి ఎల్తే సారు ఊర్లో నేరు, రేపు రా, ఎల్లుండి రా. ఈలోగా మూడు నెల్లు దాటిపోనాది. గడువు అయిపోనాది, మళ్లీ బ్యాంకు సంతకం కావాలన్నారు. అలగ తిరుగుతా తిరుగుతా వానాకాలమంతా ఎల్లిపోనాది."

"చివరికి వచ్చాయా?"

"వచ్చినాయి. ఆ డబ్బులతోటే కొట్టు పెట్టినాను." కౌంటరు వైపు చూసి, "అప్పుడు ఎవలైనా ఒకలు ఆ కాగితం నాకు సదివి సెప్పుంటే బాగున్ను కదా అనుకుంటాను. అందికే నీకిచ్చినాను" అంది.

"కొనేదాన్ని కదా. నన్నెలా నమ్మారు?"

"నమ్మడమేటి, నీ మొహం సూత్తన్నాను కదా" అని నవ్వింది. "పొట్లంలో ఒక ఇడ్లీ ఎక్కువ పడిపోతే వెనక్కొచ్చి సెప్పిన పిల్లవి."

ఆ ఇడ్లీ సంగతి నాకు గుర్తే లేదు.

కౌంటరు అమ్మాయి మమ్మల్ని పిలిచి కొత్త డీడీ చేతికిచ్చింది. నేను అడుగు కదపకముందే పిన్నిగారు, "ఇక్కడే సదువు" అంది. కౌంటరు దగ్గరే నిలబడి చదివాను. పేరు, మూడు ముక్కలూ. తేదీ ఇవాళ్టిది. అక్షరాల్లో సిక్స్ లాక్ ఫార్టీ థౌజండ్ ఓన్లీ, ఆరు లక్షల నలభై వేలు. అంకెల్లో అంతే. కింద రెండు సంతకాలు, బ్రాంచి ముద్ర. నాతో పాటు ఆ అమ్మాయి కూడా పెదాలు కదుపుతూ చదివింది. మా వెనక నిలబడ్డ పెద్దాయన చేతిలో చెక్కు విప్పి తనది కూడా ఒకసారి చూసుకున్నాడు.

తిరిగి వెళ్లేసరికి మా టైము దాటిపోయింది. డాక్యుమెంటు రైటరు మొహం కొంచెం ముడుచుకుని ఉన్నా, పని ఆపలేదు. డీడీ నంబరూ తేదీ మారాయి కాబట్టి దస్తావేజులో ఆ పేజీ మళ్లీ టైపు చేయించాడు. మా ఆయన ఈలోపల ఆఫీసులో అడిగి, సాయంత్రం చివర్లో ఖాళీ ఉంటే పిలుస్తామని మాట తీసుకున్నాడు. సాక్షులిద్దరికీ భోజనం పెట్టించాడట. లోను ఆఫీసరు మాత్రం ఎదురు చూడలేక ఒకసారి బ్రాంచికి వెళ్లి మళ్లీ వచ్చాడు.

పిన్నిగారు సంతకాలు పెట్టింది. ఒక్కో పేజీలో తన పేరు మొత్తం, ముందుముక్కతో సహా, తెలుగులో నిదానంగా రాసింది. లోపల సబ్ రిజిస్ట్రార్ ఆవిణ్ణి, "డబ్బు ముట్టిందామ్మా?" అని అడిగితే, "డీడీలు ముట్టినాయి బాబూ" అంది. డబ్బు అనలేదు. వేలిముద్రలూ ఫోటోలూ అయిపోయేసరికి ఆఫీసు గుమాస్తాలు ఫ్యాన్లు ఆపేస్తున్నారు.

తాళాల విషయం ముందే అనుకున్నాం, డీడీలు రెండూ ఆవిడ ఖాతాలో పడ్డాక ఇస్తానంది. ఆ సాయంత్రం బయటికొచ్చాక మా ఆయన ఒక్కసారి ఆశగా చూశాడు గానీ, ఆవిడ తాళాల ఊసెత్తలేదు. నాకు అది సమంజసంగానే అనిపించింది. అక్కడి నుంచి నేరుగా తన బ్యాంకుకు వెళ్దామనుకుంది గానీ మూసేసే వేళైంది. మర్నాడు పొద్దున కొట్టు తెరవకుండా వెళ్లి వేసొచ్చింది. ఆ రోజు మా సందులోవాళ్లకు ఇడ్లీ లేదు.

తర్వాత రెండు మూడు రోజులు కొట్టు దగ్గర ఎదురుపడ్డా మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ తర్వాత ఒక రోజు లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుండగా ఫోను మోగింది.

"పడ్డాయమ్మా. రెండూ పడ్డాయి. మా తమ్ముడు ఫోనుకి మెసేజి వచ్చింది. తక్కువ నేదు, ఎక్కువ నేదు." కొట్టు చప్పుళ్లు వినబడుతున్నాయి, పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు. "సాయంత్రం వొత్తావేటి? తాళాలిచ్చీత్తాను. నీళ్ల టైములవీ ఎవలికీ తెలీవు, నాను సెప్పాల."

కాలేజీ అయ్యాక బస్సులో కంచరపాలెం దిగాను. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. పిన్నిగారు గుమ్మంలో నిలబడి ఉంది. గదులు కడిగేసింది, నేల ఇంకా తడిగా ఉంది. తాళాలు నా చేతిలో పెట్టి, మునిసిపాలిటీ నీళ్లు ఎప్పుడొస్తాయో, మోటారు ఎంతసేపు వేయాలో, వంటగది కిటికీ రెక్క ఏ వైపు పైకెత్తితే మూసుకుంటుందో చూపించింది. పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర ఆగి, "దీన్ని మాత్రం కొట్టీకండి" అంది. తర్వాత, పక్కింటావిడ పిండి రుబ్బుకోవడానికి వస్తుంది, గ్రైండరు తను తీసుకుపోతోంది కాబట్టి ఆమెకు ఏమని చెప్పాలో నన్నే ఆలోచించమంది.

"నేను కొంటానులెండి గ్రైండరు" అన్నాను.

"అయితే మరేటి" అని ఆవిడ చెప్పులు వేసుకుంది. సందు చివర తమ్ముడి ఆటో హారను మోగింది. నేను లైటు వేసి, తడి ఆరేదాకా గడప మీద కూర్చున్నాను.